ఈఈజీనా, ఎఫ్ఎమ్ఆర్ఐనా? ఒక్క తెలుగు వాక్యం పెట్టి చూద్దాం

ప్రశ్న: మేడమ్, ఈ ఏడాదే హైదరాబాద్‌లో పీహెచ్‌డీలో చేరాను. తెలుగు వాక్యం చదువుతున్నప్పుడు దాని అర్థం మెదడులో ఎలా తయారవుతుందో చూడాలని నా టాపిక్. మా ల్యాబ్‌లో ఒక సీనియర్ ఈఈజీ చాలంటున్నాడు. ఇంకొకాయన ఎఫ్ఎమ్ఆర్ఐ బొమ్మలు లేకపోతే పేపర్ ఎవరూ పట్టించుకోరంటున్నాడు. దేంతో ఏం తెలుస్తుంది, ఏం తెలియదు? ఒక్కటే తీసుకోవాలంటే ఏది?

జవాబు:

ఒక్కటే అంటే మీకు ఈఈజీ. కానీ ఆ మాట నమ్మి వెళ్లిపోకండి, ఎందుకో తెలియకుండా తీసుకుంటే రెండో ఏడాదిలో మీ గైడ్ అడిగే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. మిషన్ల లక్షణాలు పట్టిక వేసి చెప్పడం నాకు ఇష్టం లేదు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. మీ టాపిక్‌లోంచే ఒక వాక్యం తీసుకుని, అదే వాక్యాన్ని నెత్తి మీద వోల్టేజి కొలిచే ఈఈజీలోనూ, మెదడులో రక్తాన్ని బట్టి బొమ్మ తీసే ఎఫ్ఎమ్ఆర్ఐలోనూ పెట్టి చూద్దాం.

వాక్యం ఇది: "అమ్మ వేడి అన్నంలో నెయ్యి వేసింది." దీనికి జంట: "అమ్మ వేడి అన్నంలో సబ్బు వేసింది." స్క్రీన్ మీద ఒక్కో పదం అర సెకను చొప్పున వస్తుంది. నాలుగో పదం దగ్గర మాత్రమే తేడా. నెయ్యి అని చూసినవాడికి ఏమీ అనిపించదు, సబ్బు అని చూసినవాడు లోపల ఒక్కసారి ఆగుతాడు. ఇలాంటి ప్రయోగాన్ని 1980లో మార్తా కూటాస్, స్టీవెన్ హిల్యార్డ్ ఇంగ్లిష్‌లో చేశారు, వాళ్ల వాక్యంలో రొట్టె మీద వెన్నకు బదులు సాక్సులు రాస్తారు. పొంతన లేని పదం కనబడ్డ దాదాపు 400 మిల్లీసెకన్లకు నడినెత్తి మీద వోల్టేజి నెగెటివ్ వైపు బాగా దిగింది. అందుకే దానికి ఎన్400 అని పేరు. మీ టాపిక్‌కు పునాది రాయి అదే.

ముందు ఈఈజీ సంగతి. నెత్తి మీద ఎలక్ట్రోడ్ కొలిచేది ఏమిటంటే, మెదడు పై పొర కార్టెక్స్‌లో పక్కపక్కనే ఒకే దిక్కుగా నిలబడి ఉండే పిరమిడల్ న్యూరాన్లకు సంకేతాలు అందినప్పుడు వాటి చుట్టూ పారే చిన్న కరెంట్ల మొత్తం. న్యూరాన్ "పేలడం" అంటామే, ఆ స్పైక్ కాదు. అది మరీ పొట్టిది, పక్క న్యూరాన్ల స్పైకులతో కలిసి రాదు కాబట్టి నెత్తి దాకా చేరేసరికి ఏమీ మిగలదు. వేలు, లక్షల న్యూరాన్లు ఒకేసారి ఒకే వైపు కదిలితేనే మనకు కొన్ని మైక్రోవోల్టులు కనబడతాయి. మంచి విషయం ఏమిటంటే ఇందులో ఆలస్యం అనేదే లేదు. కరెంటు లోపల పుట్టిన క్షణంలోనే బయట కనబడుతుంది. సెకనుకు 500 సార్లో 1000 సార్లో కొలుచుకుంటూ పోతే చాలు.

చెడ్డ విషయం, మీకు కావలసిన సంకేతం మామూలు గీతలో కంటికి కనబడదు. మన ప్రయోగానికి లెక్క వేద్దాం. నెయ్యి, సబ్బు మధ్య తేడా 3 మైక్రోవోల్టులు అనుకోండి. ఆ వ్యక్తి మెదడులో మీ వాక్యంతో సంబంధం లేకుండా నడిచే రొద 12 మైక్రోవోల్టులు అనుకోండి. ఒక్క వాక్యం పెట్టి చూస్తే కనబడేది రొదే. ఒక్కో రకం 36 వాక్యాలు పెట్టి సగటు తీస్తే రొద 36 వర్గమూలం, అంటే 6 రెట్లు తగ్గి 2 మైక్రోవోల్టులవుతుంది. రెండు సగటుల తేడా తీస్తున్నారు కాబట్టి అది మళ్లీ 2.8కి పెరుగుతుంది. చూశారా, ఒక మనిషి దగ్గర 36 జతలు పెట్టాక కూడా 3కి 2.8, గాలిలో దీపమే. 24 మందిని తీసుకుంటే రొద 0.6 కిందికి వస్తుంది, అప్పుడు తేడా తేడాలా కనబడుతుంది. మనిషికీ మనిషికీ ఉండే తేడా ఇందులో కలపలేదు, అది వేరే. కాబట్టి ఎవరైనా ఎనిమిది మందితో ఎన్400 పేపర్ రాద్దామంటే వినకండి.

ఇంతకీ ఈ తేడా కనబడితే ఏం తెలిసినట్టు? ఇక్కడ చాలామంది తొందరపడతారు. గీతలు 300 మిల్లీసెకన్ల దగ్గర విడిపోయాయి అంటే, ఆ సమయానికల్లా మెదడుకు నెయ్యికీ సబ్బుకీ ఈ అన్నం సందర్భంలో తేడా తెలిసిపోయింది అని. అంతవరకు గట్టిగా చెప్పొచ్చు. తేడా అప్పుడే మొదలైంది అని మాత్రం చెప్పలేరు. ఇంకా ముందే ఎక్కడో మొదలై, మీ ఎలక్ట్రోడ్లకు కనబడని రకంగా నడిచి ఉండొచ్చు. "నెగెటివ్" అనగానే మెదడు ఏదో అణిచిపెట్టింది అని రాసేవాళ్లూ ఉన్నారు. అది కరెంటు ఏ దిక్కుకు తిరిగి ఉందో చెప్పే గుర్తు మాత్రమే. కొన్ని పేపర్లలో నెగెటివ్‌ను పైకి గీస్తారు, కొన్నిటిలో కిందికి. గ్రాఫ్ చూడగానే నిలువు గీత పక్కన గుర్తు ఏమిటో చూడటం అలవాటు చేసుకోండి.

ఇక ఎక్కడ అనే ప్రశ్న. ఎన్400 నడినెత్తి, దాని వెనక భాగంలో ఎక్కువ కనబడుతుంది, రాసిన పదాలకైతే కాస్త కుడి వైపుకు ఒరిగి ఉంటుంది. మొదటిసారి ఆ రంగుల తలపటం చూసి నేనూ "ఓహో, అర్థం కుడి మెదడు వెనక భాగంలో తయారవుతోందన్నమాట" అనుకున్నాను. తప్పు. ఎపిలెప్సీ ఆపరేషన్ కోసం మెదడు లోపలే ఎలక్ట్రోడ్లు పెట్టించుకున్న పేషెంట్ల రికార్డింగుల్లో ఇలాంటి స్పందన కణతల వైపు ఉండే టెంపొరల్ లోబ్ ముందు భాగం లోపలి వైపు దొరికింది. న్యూరాన్ల అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ఎమ్ఈజీ పనులు కూడా ఎక్కువగా ఎడమ టెంపొరల్ లోబ్ వైపే చూపిస్తాయి. అంటే పుట్టేది ఎక్కువగా ఎడమ పక్కన, కనబడేది కుడికి ఒరిగి. ఎడమ గోడకు ఆనుకుని నిలబడ్డవాడు టార్చ్ కుడి గోడ మీదికి వేసినట్టు. కార్టెక్స్ మడతల్లో న్యూరాన్లు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయో దాన్ని బట్టి వోల్టేజి ఎటు పడుతుందో ఉంటుంది, పైగా మధ్యలో పుర్రె ఆ వెలుగును పలచగా పరిచేస్తుంది.

మరి 64కు బదులు 256 ఎలక్ట్రోడ్లు పెడితే పోదా అని అడుగుతారు. కొంత మెరుగవుతుంది, సమస్య పోదు. బయట కొలిచిన వోల్టేజికి సరిపోయే లోపలి కరెంటు అమరికలు ఎన్నైనా ఉండొచ్చని హెల్మ్‌హోల్ట్జ్ 1853లోనే చూపించాడు. సాఫ్ట్‌వేర్ ఒక చోట ఎర్రచుక్క పెట్టి చూపిస్తుందంటే, మనం దానికి ముందే ఏవో ఊహలు ఇచ్చామని అర్థం. ఆ ఊహలు ఏమిటో పేపర్‌లో రాయకుండా ఎర్రచుక్క మాత్రం పెడితే నేను రివ్యూలో వెనక్కి పంపుతాను.

పనిలో ఏం తప్పుతుందో కూడా చెప్తాను, ఎందుకంటే మన ఊళ్లో తప్పేవి పుస్తకాల్లో ఉండవు. చాలా ఏళ్ల కింద ఒక ల్యాబ్‌లో పనిచేసేటప్పుడు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక డిగ్రీ అమ్మాయి వాలంటీర్‌గా వచ్చింది. తలస్నానం చేసి రమ్మని మెసేజ్ పెట్టాం. పాపం చేసింది, చేశాక తల ఆరగానే ఎప్పటిలా కొబ్బరినూనె రాసుకుని, బిగించి జడ వేసుకుని మరీ వచ్చింది. ఎలక్ట్రోడ్ కింద నిరోధం 5 కిలోఓమ్‌ల లోపు ఉండాలని మా నియమం. జడ మొదలయ్యే చోట, సరిగ్గా ఎన్400 బాగా కనబడే చోట, 40 నుంచి దిగనంటుంది. జెల్ పెట్టి, దూదితో స్పిరిట్ రాసి, వెంట్రుకలు పాయ తీసి మళ్లీ జెల్ పెట్టి, గంటకు పైగా కూర్చున్నాం. ఆ అమ్మాయి "అక్కా, ఇంటికెళ్లి మళ్లీ తలంటుకోవాలా?" అంది. ఆ రోజు డేటా పారేశాం. అప్పటి నుంచి మెసేజ్‌లో "తలస్నానం చేసి రండి" అని కాకుండా "ముందు రోజు రాత్రి నుంచి నూనె రాయవద్దు, జడ వేసుకోవద్దు, వదులుగా వదిలేసి రండి, జెల్ కడుక్కోవడానికి ఇక్కడ నీళ్లు, షాంపూ ఉంటాయి" అని రాయడం మొదలుపెట్టాం.

ఇంకొకటి ఎండాకాలం. మే నెలలో ఏసీ ఆగిపోయిన గదిలో చెమట పట్టగానే గీతలన్నీ మెల్లగా అలల్లా పైకీ కిందికీ తేలుతాయి. వాటిని చూసి టెన్షన్ పడిన ఒక జూనియర్, మెల్లని అలల్ని తీసేసే హైపాస్ ఫిల్టర్‌ను, 0.1 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సినదాన్ని, 1 హెర్ట్జ్‌కి పెంచేశాడు. గీతలు అందంగా చదునయ్యాయి. దాంతో పాటు ఎన్400 సగానికి సగం చిక్కిపోయింది, అది అయిపోయాక పాజిటివ్ వైపు ఒక కొత్త గుట్ట లేచింది. "మేడమ్, వాక్యాన్ని మళ్లీ సరిచూసుకునే దశ దొరికింది" అని సంబరంగా వచ్చాడు. అది మెదడులోది కాదు, ఫిల్టర్ తయారుచేసింది. ఎన్400 మెల్లగా కదిలే అల, ఫిల్టర్ ఆ మెల్లదనాన్నే కోసి పారేసి, దాని అంచుల్లో ఎదురు దిక్కు నీడలు వేస్తుంది. కనిపెట్టడం సులువు: అదే డేటాను 0.1తో, 0.3తో, 1తో మూడుసార్లు నడిపి పక్కపక్కన పెట్టండి. ఫిల్టర్ పెంచేకొద్దీ ఒక గుట్ట పెరుగుతుంటే దాన్ని నమ్మకండి. గదిలో ఎవరిదో ఫోన్ చార్జర్ ప్లగ్‌లో ఉండిపోతే వచ్చే 50 హెర్ట్జ్ రొద దీని ముందు చిన్నపిల్ల ఆట, అది కనబడగానే తెలిసిపోతుంది.

తెలుగుకే ప్రత్యేకంగా ఒక గొడవ ఉంది. మన పదాలు పొడుగు. "నెయ్యి" చిన్నదే, కానీ మీరు "వెళ్లిపోయినవాళ్లందరికీ" లాంటిది పెట్టారనుకోండి, చదివేవాడి కన్ను పదం లోపలే ఒకటి రెండు సార్లు గెంతుతుంది. కన్ను కదిలితే దాని వోల్టేజి మీ సంకేతం కంటే ఎన్నో రెట్లు పెద్దది, రెప్ప కొట్టడం అయితే 100 మైక్రోవోల్టులు దాటుతుంది. పైగా అర్థం పదం మొదట్లో తెలుస్తుందా, విభక్తి దగ్గర తెలుస్తుందా అన్నదాన్ని బట్టి మీ సున్నా మిల్లీసెకను ఎక్కడ పెట్టాలో మారిపోతుంది. కీలక పదాన్ని రెండు మూడు అక్షరాలకే పరిమితం చేయండి, ప్రత్యయాలు తగిలించకండి, నెయ్యి ఎంత తరచుగా వాడే మాటో సబ్బూ దాదాపు అంత వాడుకలో ఉన్న మాటే అయ్యేలా చూసుకోండి. ఇంకా మేలు, సబ్బును ఇంకో వాక్యంలో సరైన పదంగా వాడండి: "నాన్న స్నానానికి కొత్త సబ్బు తెచ్చాడు." అప్పుడు పదం అదే, సందర్భమే వేరు; తేడా వస్తే అది పదానిది కాదని తేలుతుంది.

ఇప్పుడు అదే వాక్యాన్ని ఎఫ్ఎమ్ఆర్ఐలోకి తీసుకెళ్దాం. ఇది న్యూరాన్‌ను కొలవదు, రక్తాన్ని కొలుస్తుంది. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్‌కు కాస్త అయస్కాంత గుణం ఉంటుంది, అది చుట్టుపక్కల సంకేతాన్ని చెడగొడుతుంది. ఒక చోట న్యూరాన్లు పనిలో పడితే రక్తం అక్కడికి అవసరానికి మించి వచ్చిపడుతుంది, ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ వాటా తగ్గుతుంది, సంకేతం కొద్దిగా పెరుగుతుంది. ఇది సీజీ ఒగావా 1990లో చూపించిన విషయం. కొద్దిగా అంటే, మనలాంటి ప్రయోగాల్లో తరచుగా ఒక శాతం లోపే. నిదానం కూడా: పదం కనబడ్డాక రెండు సెకన్లకు గానీ కదలిక రాదు, శిఖరం చేరేది సుమారు 5 సెకన్లకు, మళ్లీ మామూలుకు రావడానికి 15 సెకన్ల పైమాటే.

ఈ అంకెల్ని మన వాక్యం మీద పెట్టండి. అయిదు పదాలు, పదానికి అర సెకను, మొత్తం రెండున్నర సెకన్లు. "సబ్బు" కనబడేది ఒకటిన్నర సెకను దగ్గర. అర సెకనుకు "వేసింది" వస్తుంది. ఆ తర్వాత చదివేవాడు "సబ్బేంటి, తప్పు చదివానా" అని లోపల మళ్లీ తిరగేస్తాడు, ఇంకో సెకనుకు నవ్వుకుంటాడు. వీటన్నిటికీ లేచిన రక్తపు అలలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే గుట్ట అవుతాయి. సబ్బు వాక్యాల నుంచి నెయ్యి వాక్యాలు తీసేస్తే అమ్మ, వేడి, అన్నంలో అన్నవి కొట్టుకుపోతాయి, నిజమే. కానీ మిగిలినదాంట్లో మొదటి 400 మిల్లీసెకన్ల ఆగడం ఎంత, తర్వాత రెండు సెకన్ల తిరగేసుకోవడం ఎంత, నవ్వు ఎంత అని విడదీయలేరు. నుదుటి వెనక ఉండే ఎడమ ఫ్రంటల్ లోబ్ కింది భాగం మెరిసింది అనుకోండి, అది అర్థం తయారుచేసిన చోటా, తయారుకాని అర్థంతో కుస్తీ పట్టిన చోటా? ఈ బొమ్మ చెప్పదు. ఆ భాగం కష్టమైన పని ఏది ఇచ్చినా లేచే రకం. అది మెరిసింది కాబట్టి ఫలానా ఆలోచన జరిగింది అని వెనక్కి నడిచే వాదన ఈ రంగంలో అందరూ పడే గుంట.

మరి దీని బలం? చోటు. 3 మిల్లీమీటర్ల ఘనంలో ఏం జరుగుతోందో మెదడంతా ఒకేసారి చూపిస్తుంది, లోతైన భాగాలు కూడా. ఈఈజీకి అమిగ్డలా, థాలమస్ లాంటివి దాదాపు కనబడవు, లోతు వల్లా, అక్కడి కణాలు ఒకే దిక్కుగా లేక కరెంట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం వల్లా. అయితే ఆ చిన్న ఘనంలోనూ లక్షల న్యూరాన్లుంటాయి. అవి ఉత్సాహంగా పనిచేస్తున్నాయా, పక్కవాటిని అణచడంలో పనిచేస్తున్నాయా అన్నది రక్తాన్ని చూసి చెప్పలేం.

అసలు విషయం ఇప్పుడు, మీ టాపిక్‌కు ఇదే ముఖ్యం. టెంపొరల్ లోబ్ ముందు కొస, అంటే కణతల వెనక ముందుకు పొడుచుకొచ్చిన భాగం, పదాల అర్థానికి చాలా కీలకం. సిమాంటిక్ డిమెన్షియా వచ్చినవాళ్లలో కుంచించుకుపోయేది ఆ భాగమే, వాళ్లు చేతిలో ఉన్న గరిటెకు పేరే కాదు, అదెందుకో కూడా క్రమంగా మరిచిపోతారు. కానీ మామూలు ఎఫ్ఎమ్ఆర్ఐలో ఆ కొసే సరిగ్గా కనబడదు. కారణం మెదడులో లేదు, దాని పక్కనున్న గాలిలో ఉంది. సైనస్‌లు, చెవి లోపలి గాలి గదులు అక్కడికి దగ్గర. గాలి, కండ కలిసే చోట అయస్కాంత క్షేత్రం వంకర పోతుంది, సంకేతం చచ్చిపోతుంది. చాలా ఏళ్లు భాష మీద వచ్చిన ఎఫ్ఎమ్ఆర్ఐ పేపర్లలో ఈ భాగం పెద్దగా కనబడకపోవడానికి ఒక కారణం ఇదే. మెరవలేదు కాబట్టి అక్కడ ఏమీ జరగలేదని చదివినవాళ్లు అనుకున్నారు. అంటే మన సబ్బు వాక్యానికి ఏ చోటు గురించి తెలుసుకోవాలని అంత ఖర్చు పెట్టి స్కానర్ ఎక్కించామో, సరిగ్గా ఆ చోటే మసక.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద తెలివేం అక్కరలేదు, బద్ధకం లేకపోతే చాలు. రంగులు వేసిన అందమైన బొమ్మ పక్కన పెట్టి, ముడి స్కాన్ తెరవండి. టెంపొరల్ కొస ఉండాల్సిన చోట నల్లగా కొరికేసినట్టు ఉంటే, ఆ చోటు గురించి మీ డేటాకు మాట్లాడే హక్కు లేదు. ఎకో సమయాలు రెండు మూడు పెట్టి తీసే మల్టీ ఎకో పద్ధతితో కొంత తిరిగి తెచ్చుకోవచ్చు, స్కానర్ టెక్నీషియన్‌తో మొదటి రోజే ఈ మాట మాట్లాడండి.

రంగుల సంగతి కూడా. ఎరుపు అంటే మెదడు వేడెక్కిపోయిందని కాదు, ఆ చోట తేడా యాదృచ్ఛికం కాదని మనకు ఎంత నమ్మకమో దానికి వేసిన రంగు అది. 50,000 చోట్ల విడివిడిగా నూటికి అయిదు అనే గీటు పెట్టి పరీక్షిస్తే, ఏమీ లేకపోయినా 2,500 చోట్ల "దొరికింది" అని వస్తుంది. దీన్ని చూపించడానికే 2009లో క్రెయిగ్ బెనెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి మనుషుల ఫోటోలు చూపించింది. సరిదిద్దకుండా లెక్క వేస్తే చేప మెదడులో మెరుపు వచ్చింది, సరిదిద్దితే పోయింది. ఈఈజీ వాళ్లం దీన్ని చూసి నవ్వనక్కరలేదు. 64 ఎలక్ట్రోడ్లు, వందల సమయ బిందువులు, ఎక్కడో ఒకచోట తేడా దొరకకుండా ఉండదు. అందుకే 300 నుంచి 500 మిల్లీసెకన్లు, ఫలానా ఆరు ఎలక్ట్రోడ్లు అని డేటా చూడకముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

స్కానర్ దగ్గర మన ఇబ్బందులు వేరే రకం. రీసెర్చ్‌కు స్లాట్ దొరికేది తరచుగా ఏ ఆస్పత్రిలోనో పేషెంట్లు అయిపోయాక, రాత్రి ఎనిమిది దాటాక. అప్పటికి వాలంటీర్ నిద్రమత్తులో ఉంటాడు, లోపల మిషన్ ఢమఢమలు, చెవుల్లో దూది, తల కదపకూడదు. రెండు మూడు మిల్లీమీటర్లు తల జరిగితే మీ 3 మిల్లీమీటర్ల ఘనం పక్క ఘనం అయిపోతుంది. సబ్బు వాక్యాలకే నవ్వొచ్చి తల కదులుతుంటే ఇక చెప్పనక్కరలేదు, కదలికే మీ ఫలితంగా తేలుతుంది. వాక్యం రకాన్ని బట్టి కదలిక మారుతోందా అని విడిగా చూసి తీరాలి. ఒకసారి ఒకావిడను అన్నీ తీసేయమన్నాం, గాజులు, చెవులవి, మెట్టెలు తీసింది, మంగళసూత్రం మాత్రం తీయనంది. బంగారానికి అయస్కాంతం అంటదులెండి అని జూనియర్ ఒప్పుకోబోయాడు. టెక్నీషియన్ అడిగింది సూత్రం గురించి కాదు: "అమ్మా, దానికి పిన్నీసులేమైనా ఉన్నాయా?" చూస్తే నాలుగున్నాయి, ఉక్కువి. 3 టెస్లా దగ్గర అవి ఎగిరి మొహానికి తగిలేవి. బంగారమైనా లోపలికి వద్దు, అది వేరే కారణాలతో వేడెక్కొచ్చు, బొమ్మ చెడొచ్చు. చివరికి పసుపుతాడు కట్టుకుని వచ్చింది, అందరికీ సమ్మతమైంది. కాటుక కూడా అడగండి, కొన్నిట్లో ఇనుము కలిసి ఉంటుంది, కళ్ల చుట్టూ బొమ్మ వంకరపోతుంది.

మధ్యలో మీకొక అనుమానం రావచ్చు, ఎమ్ఈజీ కూడా అయస్కాంతమే కదా, అది ఎఫ్ఎమ్ఆర్ఐకి చుట్టమా అని. కాదు. అది ఈఈజీకి తోబుట్టువు. న్యూరాన్ల కరెంటే పుట్టించే అతి చిన్న అయస్కాంత క్షేత్రాన్ని బయటి నుంచి వింటుంది, భూమి క్షేత్రం కంటే అది కోట్ల రెట్లు చిన్నది. వేగం ఈఈజీదే, పుర్రె దాన్ని అంతగా పరచదు కాబట్టి చోటు కాస్త మేలు. కానీ హెల్మ్‌హోల్ట్జ్ చెప్పిన చిక్కు దానికీ తప్పదు, మన ఊళ్లో విద్యార్థి చేతికి అందేదీ కాదు.

రెండూ ఒకేసారి చేస్తే? స్కానర్‌లో ఈఈజీ టోపీ పెట్టి పడుకోబెట్టేవాళ్లున్నారు. బొమ్మ తీయడానికి స్కానర్ తన అయస్కాంత క్షేత్రాన్ని మార్చినప్పుడల్లా ఈఈజీలోకి వచ్చే రొద మీ సంకేతాన్ని వందల రెట్లతో ముంచేస్తుంది. అది పద్ధతిగా వస్తుంది కాబట్టి తీసేయొచ్చు; గుండె కొట్టుకున్నప్పుడల్లా తల, తీగలు సన్నగా కదిలి వచ్చేది మాత్రం మొండిది, ఎన్400 ఉండే నిదానపు అలల్లోనే కలిసిపోతుంది. మూర్ఛ పరిశోధనలో, ఎప్పుడొస్తుందో తెలియని మూర్ఛ అలను అదే క్షణంలో రెండింటిలోనూ పట్టుకోవాలి కాబట్టి ఆ కష్టానికి అర్థముంది. మీ వాక్యం రేపు కూడా అదే వాక్యం. ఒకరోజు ఈఈజీ, కొన్ని వారాలాగి అదే మనుషులకు స్కానర్, వాక్యాల జతలు తారుమారు చేసి. అది చాలు.

మీ గైడ్ తప్పకుండా అడిగేది ఇంకొకటుంది. ఈ రెండిటిలో దేనితోనూ ఫలానా చోటు లేకపోతే అర్థం తయారవదు అని చెప్పలేరు. పని జరుగుతున్నప్పుడు అక్కడ దీపం వెలిగింది అని మాత్రమే చూశారు. అవసరం గురించి చెప్పాలంటే స్ట్రోక్ వచ్చినవాళ్లనో, డిమెన్షియా వాళ్లనో చూడాలి, లేదా నెత్తి బయటి నుంచి అయస్కాంతపు దెబ్బ ఇచ్చే టీఎమ్ఎస్‌తో ఆ చోటును కాసేపు ఇబ్బంది పెట్టి చూడాలి. థీసిస్ పేరులో "ఫలానా చోటు పాత్ర" అని పెట్టే ముందు దీన్ని ఆలోచించుకోండి.

మీకు ఈఈజీ అన్నది ఎందుకంటే, "ఎలా తయారవుతుంది" అనే మీ మాటలో ముఖ్యం వరస. ఏది ముందు, ఏది తర్వాత, విభక్తి వచ్చేదాకా మెదడు ఆగుతుందా, ముందే ఊహిస్తుందా. క్రియ చివర్న వచ్చే మన భాషలో ఇది నిజంగా పనికొచ్చే ప్రశ్న, దాన్ని సెకన్ల గడియారంతో కొలవలేం. మీ రెండో సీనియర్ చెప్పిన ఎఫ్ఎమ్ఆర్ఐ, మీ ప్రశ్న "తెలుగు, ఇంగ్లిష్ రెండూ చదివేవాళ్లలో రెంటికీ ఒకే చోటు వాడతారా" అయివుంటే నేనూ అదే అనేదాన్ని.

ముందు ఆరుగురితో పైలట్ చేయండి, ఫలితం కోసం కాదు, నూనె, చెమట, రెప్పలు, పదాల పొడుగు ఎక్కడ దెబ్బ కొడుతున్నాయో చూడటానికి. నడినెత్తి ఎలక్ట్రోడ్ సగటు గీతలు పెట్టండి, చూస్తాను. ఫిల్టర్ ఎంత పెట్టారో, వోల్టేజిని దేనితో పోల్చి కొలిచారో ఆ రిఫరెన్స్ చెవుల వెనకదా, అన్ని ఎలక్ట్రోడ్ల సగటా అన్నది పక్కన రాయండి, అవి లేకుండా ఆ గీతల్లో నాకు ఏమీ కనబడదు.